ఆక్షేపణకు తలవంచడం ఎక్కడ, నిలబడడం ఎక్కడ

వైద్య పత్రికకు పంపిన పరిశోధన వ్యాసం నేరుగా అచ్చుకు వెళ్లదు. సంపాదకులు దాన్ని అదే రంగంలో పనిచేసే ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపుతారు. వాళ్లు చదివి, పద్ధతిలో లోపాలు కనిపిస్తే వరస నంబర్లు వేసి రాసి పంపిస్తారు. రచయితలు ఒక్కో ఆక్షేపణను ఉన్నదున్నట్టుగా ఎత్తిరాయాలి. దాని కింద తమ జవాబు, ఆ జవాబును బట్టి వ్యాసంలో ఏ పేజీలో ఏ వాక్యం మార్చారో రాయాలి. వ్యాసం బతకడమో ఆగిపోవడమో చాలాసార్లు ఈ లేఖ మీదే ఆధారపడుతుంది.

ఈ లేఖ ఎలా ఉండాలో చూడడానికి ఆర్బిటా అనే ప్రయోగం కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీకి చెందిన రాషా అల్-లామీ, డారెల్ ఫ్రాన్సిస్ బృందం చేసిన ఈ ప్రయోగం 2017 నవంబరులో లాన్సెట్ పత్రికలో వచ్చింది. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో ఛాతీ పట్టేసే నొప్పి, అంటే స్థిరమైన ఆంజైనా ఉన్నవాళ్లకు స్టెంట్ వేస్తే, వేశామన్న నమ్మకం వల్ల వచ్చే ఊరట పోను నిజంగా ఎంత మేలు జరుగుతుంది అన్నది వాళ్ల ప్రశ్న. గుండెపోటుతో వచ్చిన రోగికి వేసే స్టెంట్‌కు దీనితో సంబంధం లేదు. అక్కడ దాని మేలు మీద ఇలాంటి సందేహం లేదు.

ఒకే ధమనిలో 70 శాతం లేదా అంతకు మించి అడ్డంకి ఉన్న 200 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విభజించారు. 105 మందికి స్టెంట్ వేశారు. 95 మందికి క్యాథ్‌ల్యాబ్‌లో బల్ల మీద పడుకోబెట్టి, మత్తిచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, స్టెంట్ వేయకుండానే పంపించారు. ఎవరికి ఏం చేశారో రోగికీ తెలియదు, తర్వాత చూసుకునే వైద్యులకూ తెలియదు. ఆరు వారాల తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. స్టెంట్ వేసినవాళ్లు ముందుకంటే సగటున 28.4 సెకన్లు ఎక్కువ నడిచారు, వేయనివాళ్లు 11.8 సెకన్లు. తేడా 16.6 సెకన్లు. గణాంకాల లెక్కలో అంత తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు.

గుండె వైద్యుల్లో పెద్ద దుమారమే రేగింది. అచ్చయ్యాక వాళ్లు లేవనెత్తిన ఆక్షేపణలు సరిగ్గా పత్రిక సమీక్షకులు అడిగే తరహావే. వాటికి లేఖ రాయాల్సివస్తే ఎలా రాయవచ్చో, ప్రయోగం వివరాలను పట్టుకుని చూద్దాం. కింది జవాబుల మాటలు నావి, అంకెలు ప్రయోగానివి.

మొదటి ఆక్షేపణ: 200 మంది చాలా తక్కువ. పెద్ద ప్రయోగమైతే తేడా తేలేది. కొందరు ఇంకో అడుగు వేసి, వచ్చిన తేడాను పట్టుకుని ఈ ప్రయోగానికి ఎంత శక్తి ఉందో ఇప్పుడు లెక్కగట్టి చూపమంటారు.

ఈ రెండో కోరికను మర్యాదగానే కాదనాలి. ఫలితం చేతికొచ్చాక కట్టే ఆ లెక్క, వచ్చిన ఫలితాన్నే వేరే అంకెలో తిరిగి చెబుతుంది తప్ప కొత్తగా ఏమీ చెప్పదు. ఎంతమంది కావాలో ప్రయోగానికి ముందే తేల్చాలి. ఆర్బిటాలో అదే చేశారు: 30 సెకన్ల తేడా ఉంటే పట్టుకునే అవకాశం 80 శాతానికి పైగా ఉండాలంటే ఒక్కో గుంపులో 100 మంది కావాలి. ఆ 30 సెకన్లు ఊరికే పెట్టిన అంకె కాదు. ఒక్క ఆంజైనా మాత్ర ఇచ్చే మేలు అంతకంటే ఎక్కువ. స్టెంట్ నుంచి కనీసం అంతైనా ఆశించడం అత్యాశ కాదు కదా.

జవాబు ఇలా ఉండొచ్చు: "ప్రయోగం చిన్నదన్న మాటను అంగీకరిస్తున్నాం. అయితే దాని పరిమాణాన్ని ఫలితం తెలియకముందే నిర్ణయించాం, ఇప్పుడు మార్చలేం. ఫలితం ఎంత ఖచ్చితమో పాఠకులు చూసుకునేందుకు తేడా పరిధిని సారాంశంలోనే ఇచ్చాం."

ఆ పరిధి ఏమిటంటే మైనస్ 8.9 నుంచి ప్లస్ 42 సెకన్లు. అసలు జవాబు దీనిలోనే ఉంది. అసలు తేడా సున్నా కావచ్చు, 40 సెకన్లు కూడా కావచ్చు. కాబట్టి "స్టెంట్ పనికిరాదు" అని వ్యాసంలో రాయకూడదు. కొన్ని వార్తాపత్రికలు అలాగే రాశాయి, అది తప్పు. ఆ మేరకు ఆక్షేపించినవాళ్లదే పైచేయి. కానీ ఇదే పరిధి రెండో వైపూ కోస్తుంది. 1992లో అమెరికాలో చేసిన ఏక్మీ ప్రయోగంలో బెలూన్ చికిత్స పొందినవాళ్లు, మందులు మాత్రమే వాడినవాళ్ల కంటే సుమారు ఒకటిన్నర నిమిషం ఎక్కువ మెరుగుపడ్డారు. అక్కడ ఎవరికి ఏం చేశారో రోగులకు తెలుసు. ఆర్బిటా పరిధిలో ఒకటిన్నర నిమిషానికి చోటు లేదు. ఈ వాక్యాన్ని మాత్రం రచయితలు ఎవరు ఒత్తిడి చేసినా తీసేయకూడదు.

రెండో ఆక్షేపణ మరింత పదునైనది. లాటరీకి ముందు ఆరు వారాలపాటు రోగులందరికీ మందుల మోతాదు పెంచుతూ పోయారు. ఆ మందులతోనే చాలామందికి నొప్పి బాగా తగ్గింది. తగ్గిపోయిన నొప్పిని స్టెంట్ ఇంకేం తగ్గిస్తుంది?

ఇక్కడ రచయితలకు గట్టి ఆధారం ఉంది. ముందు మందులు, వాటికి లొంగకపోతేనే స్టెంట్ అని వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ వరసనే వాళ్లు పాటించారు. అయినా ఆక్షేపణలో నిజముంది. ఈ ఫలితం మందులు గట్టిగా వాడుతున్నవాళ్లకే వర్తిస్తుంది. మందులు పడనివాళ్ల గురించి, వద్దనుకున్నవాళ్ల గురించి ఏమీ చెప్పదు. జవాబులో వాదించి ఊరుకుంటే చాలదు, ఆ హద్దును వ్యాసం ముగింపులో ఒక వాక్యంగా చేర్చి, పేజీ నంబరు లేఖలో చూపాలి. సమీక్షకుడు వెతికేది ఆ వాక్యం కోసమే.

స్టెంట్ వేయకుండా బల్ల ఎక్కించడం న్యాయమా అన్న ప్రశ్నకు జవాబు చిన్నదే, కానీ దాచకుండా రాయాలి. రోగులు తెలిసే ఒప్పుకున్నారు, ఆరు వారాలు గడిచాక నిజం తెలుసుకుని తమ చికిత్స ఎంచుకున్నారు. చనిపోయినవాళ్లు లేరు. అయితే స్టెంట్ వేయని గుంపులో నలుగురికి రక్తపీడనం కొలిచే తీగ వల్ల ఇబ్బంది వచ్చి, స్టెంట్ వేయాల్సి వచ్చింది. ఈ నలుగురి సంగతి వ్యాసం సారాంశంలోనే ఉంది. సమీక్షకుడు తవ్వి తీసేదాకా ఆగి ఉంటే మిగతా జవాబుల మీదా నమ్మకం సడలేది.

మందుల ప్రశ్న మాత్రం లేఖతో తీరేది కాదు. అదే బృందం ఆర్బిటా-2 మొదలుపెట్టింది. ఈసారి ఆంజైనా మందులు ఆపేసి, 301 మందిని తీసుకుని, పన్నెండు వారాలు గమనించారు. 2023 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితం వచ్చింది. స్టెంట్ వేసినవాళ్లకు నొప్పి స్పష్టంగా తగ్గింది. ట్రెడ్‌మిల్ మీద తేడా 59.5 సెకన్లు, పరిధి 16 నుంచి 103 దాకా. మందులు లేనప్పుడు స్టెంట్ పనిచేస్తుందన్న ఆక్షేపకుల అంచనా నిజమైంది. మందులు నిండుగా వాడుతున్నవాళ్ల గురించి మొదటి ప్రయోగం చెప్పినదాన్ని ఇది కొట్టేయలేదు, ఎందుకంటే రెండు ప్రయోగాలూ అడిగిన ప్రశ్నలు వేరు.