రేపటి సూర్యోదయానికి హామీ ఏది?

రేపు సూర్యుడు ఉదయించడంటే నవ్వుతాం. కానీ ఆ మాటలో తార్కిక వైరుధ్యమేమీ లేదని స్కాట్లండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1748లో వాదించాడు. ఇన్నాళ్లూ ఉదయించాడు కాబట్టి రేపూ ఉదయిస్తాడనాలంటే, భవిష్యత్తు గతంలాగే ఉంటుందని ముందే ఒప్పుకోవాలి. దానికి రుజువడిగితే, ఇప్పటిదాకా అలాగే జరిగిందంటాం. అంటే తేల్చాల్సినదాన్నే సాక్షిగా నిలబెడుతున్నామన్నమాట! భూభ్రమణం పేరు చెప్పినా చిక్కు తీరదు. భౌతిక నియమాలు రేపూ పనిచేస్తాయన్న నమ్మకమూ అనుభవం ఇచ్చిందే.

ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ లెక్కకు దిగాడు. 5,000 ఏళ్లు, అంటే 18,26,213 రోజులు ఉదయించాడు గనుక, రేపటి సూర్యోదయంపై పందెం 18,26,214కి ఒకటి అన్నాడు. ఖగోళ కారణాలు తెలిసినవారికి నమ్మకం ఇంకా హెచ్చుగా ఉంటుందనీ ఆయనే చెప్పాడు. అంకె ఎంత పెద్దదైనా హామీ మాత్రం కాదు.

హ్యూమ్‌కు శతాబ్దాల ముందే మన చార్వాకులు ఇదే పట్టు పట్టారు: అన్నిచోట్లా చూడకుండా, పొగ ఉంటే నిప్పుంటుందని ఎలా అంటారు? నైయాయికుడు ఉదయనుడి జవాబు గడుసుది. సందేహం మన ఆచరణకే ఎదురు తిరిగినచోట ఆగాలన్నాడు. పొగ కావలసివచ్చినప్పుడు ఆ సందేహవాదీ నిప్పే రాజేస్తాడని తర్వాతి నైయాయికులు ఎత్తిచూపారు. ఇది హ్యూమ్ ప్రశ్నను తీర్చదు. అడిగేవాడూ అనుభవాన్ని నమ్మే బతుకుతున్నాడని చూపుతుంది. హ్యూమ్ కూడా అది అలవాటేనని, అది లేకుండా బతకలేమని ఒప్పుకున్నాడు.