ఒకే ప్రమాదం, రెండు విచారణలు: నేర కేసులో రుజువు వేరు, పరిహారం కేసులో వేరు

న్యూఢిల్లీ: ఉత్తర ఢిల్లీలోని సివిల్ లైన్స్‌లో 2016 ఏప్రిల్ 4 రాత్రి రోడ్డు దాటుతున్న 32 ఏళ్ల యువకుడిని మెర్సిడెస్ కారు ఢీకొట్టింది. ఆయన మరణించారు. కారు నడిపిన బాలుడికి 18 ఏళ్లు నిండడానికి అప్పటికి కొద్ది రోజులే మిగిలి ఉన్నాయి. ప్రమాద దృశ్యం సీసీటీవీలో నమోదైంది. ఆ ఒక్క ఘటన నుంచి రెండు విచారణలు పుట్టాయి. బాలుడిపై నేర విచారణ ఒకటి కాగా, మృతుడి కుటుంబం పరిహారం కోరుతూ మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌ను ఆశ్రయించడం రెండోది.

నేర విచారణలో ఏళ్ల తరబడి సాగిన వాదన అసలు ప్రమాదం గురించి కాదు. నిందితుడిని పెద్దవాడిగా విచారించాలా, బాలుడిగానే చూడాలా అన్నదానిపై వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. మోపిన అభియోగం హత్య కిందకు రాని ప్రాణహరణ నేరం. దీనికి చట్టంలో కనీస శిక్ష నిర్దేశించలేదు కాబట్టి దీనిని ‘హేయమైన నేరం’గా పరిగణించరాదని, బాలుడిని పెద్దవాడిగా విచారించే వీలు లేదని 2020 జనవరి 9న న్యాయస్థానం తేల్చింది. పరిహారం కేసులో 2024 జులైలో తీర్పు వెలువడింది. వడ్డీతో కలిపి సుమారు రూ.1.98 కోట్లు మృతుడి తల్లిదండ్రులకు చెల్లించాలని ట్రైబ్యునల్ ఆదేశించింది.

నేరం రుజువయ్యే వరకు పరిహారం ఆగనక్కరలేదా అన్న సందేహం చాలామందికి కలుగుతుంది. ఆగనక్కరలేదు. రెండు చోట్లా రుజువుకు వాడే కొలత వేరు. ఆసక్తికరమైన సంగతేమిటంటే, సాక్ష్య చట్టంలో ‘రుజువైనది’ అన్న మాటకు నిర్వచనం ఒక్కటే ఉంది. వివేకవంతుడు నిజమని నమ్మి నడుచుకోదగినంత సంభావ్యత ఉంటే ఆ విషయం రుజువైనట్లే. రెండు కొలతల భేదాన్ని న్యాయస్థానాలే తీర్పుల ద్వారా స్థిరపరిచాయి. వ్యక్తి స్వేచ్ఛకు ముప్పు ఉన్న నేర కేసులో సహేతుక సందేహానికి తావు లేని రుజువు కావాలని, సివిల్ వివాదంలో సంభావ్యత ఏ పక్షాన ఎక్కువగా మొగ్గితే ఆ పక్షం నెగ్గుతుందని 1975లో దాస్తానే కేసులో సుప్రీంకోర్టు వివరించింది.

సివిల్ లైన్స్ తరహా ప్రమాదాన్నే ఉదాహరణగా తీసుకుందాం. పాదచారి ఒక్కసారిగా కారుకు అడ్డంగా వచ్చాడని డ్రైవర్ పక్షం వాదించిందనుకుందాం. ఆ వాదనకు ఆధారాలలో కొంతైనా చోటు ఉండి, ప్రాసిక్యూషన్ దానిని పూర్తిగా తోసిపుచ్చలేకపోతే, నేర కేసులో సందేహపు లాభం నిందితుడికే దక్కుతుంది. ట్రైబ్యునల్ మాత్రం రెండు కథనాలను పక్కపక్కనే పెట్టి తూచుతుంది. దృశ్యంలోని వేగం, ఘటనాస్థలి పటం, వాహన తనిఖీ నివేదిక నిర్లక్ష్యం వైపే మొగ్గితే, అవతలి కథనానికి కొంత అవకాశం మిగిలి ఉన్నా పరిహారం ఇస్తుంది. ఇటువంటి క్లెయిముల్లో కఠిన రుజువు అవసరం లేదని 2009లో బిమ్లా దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

డ్రైవర్ మౌనం విషయంలో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. నేర విచారణలో నిందితుడు సాక్షిగా బోనెక్కకపోతే దానిని అతడికి వ్యతిరేకంగా వాడుకోకూడదు. తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పవలసిన పని లేదన్న హక్కు రాజ్యాంగం ఇచ్చినదే. ట్రైబ్యునల్‌లో అలా కాదు. ప్రమాదం ఎలా జరిగిందో తెలిసిన డ్రైవర్ వచ్చి చెప్పకపోతే, చెబితే తనకే నష్టమన్న అనుమితికి ట్రైబ్యునల్ రావచ్చు.

అయితే తేడా కొలతలోనే ఉందనుకుంటే పొరపాటు. అడిగే ప్రశ్న కూడా వేరు. ప్రాణహరణ అభియోగంలో తన చర్య వల్ల ప్రాణం పోవచ్చని నిందితుడికి తెలుసా అన్నది తేలాలి. ట్రైబ్యునల్‌కు ఆ మనోస్థితితో పని లేదు. బండి అజాగ్రత్తగా నడిపారా అన్నది చాలు.

రెండు విచారణలకూ ముడిసరుకు మాత్రం చాలావరకు పోలీసుల నుంచే వస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో తొలి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో సమగ్ర ప్రమాద నివేదికను ట్రైబ్యునల్‌కు ఇవ్వాలి. బాధితులు వాటి ప్రతులను జాగ్రత్తగా చూసుకోవడం మంచిది. తక్కువ కొలత అంటే రుజువే అక్కరలేదని కాదు. ఫలానా బండే ఢీకొట్టిందన్నది సంభావ్యంగానైనా తేలకపోతే క్లెయిము వీగిపోతుంది. ఫిర్యాదులో బండి నంబరు వారాల తర్వాత చేరినప్పుడు బీమా కంపెనీలు సహజంగానే దానిపైనే దెబ్బ కొడతాయి.

నేర కోర్టు నిర్దోషిగా వదిలేసినంత మాత్రాన పరిహారం ఆగదని సుప్రీంకోర్టు 1980లోనే ఒక బస్సు ప్రమాదం కేసులో స్పష్టం చేసింది. అటు నుంచి ఇటు కూడా అంతే. ట్రైబ్యునల్ నిర్లక్ష్యం జరిగిందని చెప్పినా, నేర కేసులో ప్రాసిక్యూషన్ తన సాక్షులను పిలిచి, తన రుజువును మొదటి నుంచి తానే నిలబెట్టుకోవాలి.