థంబ్‌నైల్ ఇచ్చిన మాట

డ్రాగన్ ఫ్రూట్ సాగు గురించి తెలుగులో యూట్యూబ్‌లో వెతికి చూడండి. సగానికి కోసిన గులాబీ రంగు పండును చేతిలో పట్టుకున్న రైతు, పక్కన పసుపు రంగు పెద్ద అక్షరాల్లో ‘ఎకరాకు 10 లక్షలు’, వాటిని చూపిస్తూ ఒక ఎర్ర బాణం. ఇలాంటి థంబ్‌నైళ్లు వరసగా కనిపిస్తాయి. ఫోనులో కిందికి జరుగుతున్న వేలు అక్కడ ఆగుతుంది. వీడియో తెరుచుకుంటుంది. తీరా చూస్తే లోపల నర్సరీ యజమాని తన పాత కథ చెబుతుంటాడు, డ్రోన్ కెమెరా తోట చుట్టూ తిరుగుతుంటుంది. 10 లక్షల లెక్క ఎక్కడా తేలదు.

ఇది చూసేవాళ్లకు చిరాకు. వీడియో తీసినవాళ్లకు మాత్రం చాలాసార్లు ఆ సంగతే తెలియదు. కావాలని మోసం చేసేవాళ్ల మాట నేను ఎత్తడం లేదు. నిజాయితీగా వీడియోలు చేస్తూనే, బొమ్మ మీద ఒక మాట ఎక్కువ రాసి, ఆ ఎక్కువ ఎంతైందో కొలుచుకోలేకపోతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కొలిచే సాధనం వాళ్ల యూట్యూబ్ స్టూడియోలోనే ఉంది. కాకపోతే రెండు అంకెలను కలిపి చదవాలి.

మొదటిది క్లిక్ త్రూ రేటు, అందరూ సీటీఆర్ అంటారు. థంబ్‌నైల్‌లో కనీసం సగం భాగం తెర మీద ఒక సెకను దాటి కనిపిస్తే యూట్యూబ్ దాన్ని ఒక ఇంప్రెషన్‌గా లెక్కిస్తుంది. వంద ఇంప్రెషన్లకు ఐదుగురు నొక్కితే సీటీఆర్ 5 శాతం. చానళ్లు, వీడియోల్లో సగం వాటికి ఇది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతోంది. రెండోది రిటెన్షన్. నొక్కి వచ్చినవాళ్లలో ఎంతమంది ఎంతవరకు ఉన్నారన్నది ఇది చెబుతుంది. స్టూడియోలో ఇది ఒక గీతగా కనిపిస్తుంది, పక్కనే ఒక్కో వ్యూకు సగటున ఎంతసేపు చూశారో ఉంటుంది.

వీడియో పెట్టిన మొదటి కొన్ని గంటల్లోనే సీటీఆర్ తెలిసిపోతుంది. రిటెన్షన్ గీత రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే చాలామంది సీటీఆర్ 9 కనిపించగానే థంబ్‌నైల్ హిట్ అయిందని పండగ చేసుకుని తర్వాతి వీడియో పనిలో పడిపోతారు. కానీ సీటీఆర్ చెప్పేది బొమ్మ ఎంత బాగా పిలిచిందో మాత్రమే. పిలిచి చెప్పిన మాట నిలబడిందో లేదో దానికి తెలియదు.

యూట్యూబ్ కూడా ఒకప్పుడు ఇదే పొరపాటులో ఉండేది. 2012 వరకు ఏ వీడియోను ఎక్కువమందికి చూపించాలో నిర్ణయించడంలో వ్యూస్‌కే పెద్దపీట. నొక్కి ఐదు సెకన్లలో వెళ్లిపోయినా అది ఒక వ్యూయే, చివరిదాకా చూసినా ఒక వ్యూయే. ఆ ఏడాది నుంచి చూసిన సమయానికి, అంటే వాచ్ టైమ్‌కు బరువు పెంచారు. దీన్నిబట్టి మనం వేసుకోవలసిన లెక్క చాలా చిన్నది: సీటీఆర్‌ను సగటు చూసిన సమయంతో గుణించడం. ఒక్కసారి థంబ్‌నైల్ కనిపించినందుకు సగటున ఎన్ని సెకన్ల చూపు దక్కిందో తేలుతుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. డ్రాగన్ ఫ్రూట్ మీద పది నిమిషాల వీడియో. రైతు తోట వేసిన తీరు, సిమెంటు స్తంభాలు, మొక్కల ఖరీదు, డ్రిప్పు, మార్కెట్ అన్నీ ఓపిగ్గా చెప్పాడు. థంబ్‌నైల్ మీద ‘ఎకరాకు 10 లక్షలు’ అని ఉంది. 40,000 ఇంప్రెషన్లకు సీటీఆర్ 9 శాతం, అంటే 3,600 వ్యూస్. సగటున చూసింది 1 నిమిషం 50 సెకన్లు. గుణిస్తే ఒక్కో ఇంప్రెషన్‌కు 9.9 సెకన్లు.

ఇప్పుడు వీడియోను ముట్టుకోకుండా థంబ్‌నైల్ ఒక్కటే మార్చారనుకుందాం. పండుకు బదులు స్తంభాల వరస, ముందు రైతు నిలబడి ఉన్నాడు, ‘మొదటి ఏడాది ఖర్చు ఎంత?’ అని రాశారు. సీటీఆర్ 5.5కి పడిపోయింది. అదే 40,000 ఇంప్రెషన్లకు ఈసారి 2,200 వ్యూస్. వ్యూస్ మాత్రమే చూసేవాళ్లు ఇక్కడే కంగారుపడి పాత బొమ్మను మళ్లీ పెట్టేస్తారు. కానీ సగటు చూసిన సమయం 4 నిమిషాల 20 సెకన్లకు పెరిగింది. ఒక్కో ఇంప్రెషన్‌కు 14.3 సెకన్లు. మొత్తం వాచ్ టైమ్ మొదటి బొమ్మకు 110 గంటలైతే రెండోదానికి దాదాపు 159. తక్కువమంది వచ్చారు, వచ్చినవాళ్లు ఉండిపోయారు. వీడియోలో ఒక్క ఫ్రేమ్ కూడా మారలేదు కాబట్టి ఈ తేడా అంతా థంబ్‌నైల్ ఇచ్చిన మాటదే.

ఈ లెక్క జబ్బు ఉందని చెబుతుంది గానీ ఏ జబ్బో చెప్పదు. అది తెలియాలంటే రిటెన్షన్ గీతను దగ్గరగా చూడాలి. మాట తప్పిన వీడియోలన్నింటికీ గీత ఒకేలా ఉండదు.

చెప్పినది అసలు లోపల లేనప్పుడు మొదటి 30 సెకన్లలోనే గీత నిట్టనిలువుగా పడుతుంది. ఆ తర్వాత లేవదు, చివరిదాకా నేలబారుగా సాగుతుంది. మొదటి అర నిమిషం తర్వాత ఎంత శాతం మిగిలారో స్టూడియో విడిగా చూపిస్తుంది. అంతే నిడివి ఉన్న ఇతర వీడియోలతో పోలిస్తే ఎలా ఉందో కూడా చెబుతుంది.

చెప్పినది లోపల ఉంది, కానీ బాగా వెనక దాచారనుకోండి, అప్పుడు గీత వేరుగా ఉంటుంది. మొదట పడుతుంది, మధ్యలో పల్లం, ఉన్నట్టుండి ఏడో నిమిషం దగ్గర ఒక గుట్ట లేస్తుంది. పదిసెకన్ల చొప్పున ముందుకు తోసుకుంటూ వెతికినవాళ్లు అక్కడ ఆగారన్నమాట. మన ఉదాహరణలో ఏడో నిమిషంలోనే రైతు ఆదాయం లెక్క చెప్పి, ‘అది ఖర్చులు తీయకముందు మాటండీ’ అంటాడు. కొందరు వెనక్కి జరిపి ఆ వాక్యాన్ని మళ్లీ విని ఉంటారు. అది అయిపోగానే గీత కూలిపోతుంది, ఎందుకంటే వాళ్లు వచ్చింది దానికోసమే. ఇక్కడ థంబ్‌నైల్ అబద్ధమనలేం. ఆ ముక్కను ముందుకు తెస్తే చాలావరకు సరిపోతుంది. అసలు విషయాన్ని ఇంత వెనక్కి ఎందుకు నెడతారంటే ఒక కారణం డబ్బు. 2020 నుంచి 8 నిమిషాలు దాటిన వీడియోల మధ్యలో ప్రకటనలు పెట్టుకోవచ్చు. అయిదు నిమిషాల సరుకును తొమ్మిది నిమిషాలకు సాగదీసే అలవాటు దాంతో బలపడింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మూడో రకం. మాట ఉంది, ముందే ఉంది, కానీ చెప్పిన పరిమాణంలో లేదు. డ్రాగన్ ఫ్రూట్‌కు ఎకరాకు నాలుగైదు వందల స్తంభాలు పాతాలి, ఒక్కో స్తంభానికి నాలుగు మొక్కలు. పెట్టుబడి అంతా మొదట్లోనే. మంచి దిగుబడి రావడానికి మూడో ఏడాది దాకా ఆగాలి. రైతు ఇవన్నీ చెబుతాడు. థంబ్‌నైల్ మాత్రం ఆయన నోట వచ్చిన అతి పెద్ద అంకెను, ఖర్చు తీయని అంకెను, మంచి ధర పలికిన ఏడాది అంకెను ఎత్తి చూపిస్తుంది. ఇలాంటిచోట గీత ఒక్కసారిగా పడదు. నిజం ఒక్కొక్కటిగా బయటపడే కొద్దీ మెట్లుమెట్లుగా దిగుతుంది. అంకెల్లో ఇది పెద్ద నష్టంగా కనిపించదు. కానీ సగంలో వదిలేసినవాళ్లలో ‘10 లక్షలు’ అన్న మాట మాత్రమే మనసులో పెట్టుకుని వెళ్లినవాళ్లు ఉంటారు, వాళ్లలో కొందరు ఆ మాట నమ్మి అప్పు తెచ్చి స్తంభాలు పాతించుకోనూవచ్చు. ఆ నష్టాన్ని ఏ గ్రాఫూ చూపించదు.

అర నిమిషంలో జనం పోయినప్పుడల్లా తప్పు థంబ్‌నైల్‌దే అనుకోకూడదు. ‘నమస్కారం, వెల్‌కమ్ టు అవర్ చానల్’ అంటూ మొదలుపెట్టి, లోగో తిప్పి, సబ్‌స్క్రైబ్ చేయమని, గంట నొక్కమని చెప్పేసరికి నలభై సెకన్లు గడిచిపోయే వీడియోలకు గీత అలాగే పడుతుంది. రెండింటినీ విడదీయడానికి చానల్‌లోని మిగతా వీడియోల మొదటి అర నిమిషాన్ని చూడాలి. అన్నింటిలోనూ అలాగే పడుతుంటే జబ్బు ఆరంభంలో ఉంది. ఈ ఒక్కదానిలోనే పడితే థంబ్‌నైల్‌ను అనుమానించాలి. సబ్‌స్క్రైబర్లు నిలబడి, కొత్తవాళ్లే పోతుంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. పాతవాళ్లకు మీరేం చెబుతారో తెలుసు, కొత్తవాళ్లు బొమ్మనే నమ్మి వచ్చారు.

మరో చిక్కు ఉంది. వీడియో బాగా నడుస్తున్నప్పుడు కూడా సీటీఆర్ పడుతుంది. మొదట మీ చానల్‌ను ఎరిగినవాళ్లకు చూపించిన యూట్యూబ్, తర్వాత పరిచయం లేనివాళ్ల హోమ్ పేజీల్లోకి తీసుకెళుతుంది. వాళ్లు తక్కువగా నొక్కుతారు, తక్కువసేపు ఉంటారు. సెర్చ్ నుంచి వచ్చినవాళ్ల తీరు మరోలా ఉంటుంది, వాళ్లు ఒక ప్రశ్నతో వస్తారు. అందువల్ల మొదటి వారం సెర్చ్ అంకెలను మూడో వారం హోమ్ అంకెలతో పోల్చి బొమ్మను తిట్టుకుంటే లాభం లేదు. ఒకే దారిన వచ్చినవాళ్లను, దాదాపు ఒకే సమయంలో పోల్చాలి. ఇంప్రెషన్లు వందల్లోనే ఉంటే అసలు పోల్చకపోవడం మంచిది. మూడు వందల ఇంప్రెషన్లలో నలుగురు ఎక్కువ నొక్కినా సీటీఆర్ ఒక శాతానికి పైగా కదులుతుంది.

బొమ్మను ఒక వారం ఉంచి, మరో వారం మార్చి పోల్చినా ఇదే ఇబ్బంది. ఈలోగా చూసే జనమే మారిపోయి ఉంటారు. దీనికి యూట్యూబ్ స్టూడియోలో ఒక సదుపాయం ఉంది. ఒకే వీడియోకు మూడు థంబ్‌నైళ్ల దాకా ఇస్తే, వాటిని ఒకే కాలంలో వేర్వేరు ప్రేక్షకులకు చూపిస్తుంది. గెలుపును సీటీఆర్‌తో కాకుండా వాచ్ టైమ్‌లో దేనికెంత వాటా వచ్చిందన్న దాంతో తేలుస్తుంది. ఫలితానికి రెండు వారాల దాకా పట్టవచ్చు, చూసేవాళ్లు తక్కువైతే ఏమీ తేలకపోవచ్చు కూడా.

అబద్ధపు థంబ్‌నైళ్ల మీద ఇప్పుడు బయటి నుంచి కూడా ఒత్తిడి ఉంది. 2024 డిసెంబరులో యూట్యూబ్ భారతదేశంలో, ముఖ్యంగా తాజా వార్తల వీడియోల్లో, లోపల లేనిదాన్ని శీర్షికలోనో థంబ్‌నైల్‌లోనో చెప్పేవాటిపై చర్యలు పెంచుతామని ప్రకటించింది. జరగని రాజీనామాను జరిగినట్టు రాయడం లాంటివి దానికి చిక్కుతాయి. ఖర్చు తీయని ‘10 లక్షలు’ చిక్కదు, ఎందుకంటే రైతు ఆ మాట నిజంగానే అన్నాడు. దాన్ని పట్టుకోగలిగింది ఆ చానల్ నడిపే మనిషే. గీత మెట్లుమెట్లుగా దిగుతున్నచోట వీడియోను ఆపి, ఆ క్షణంలో రైతు ఏమంటున్నాడో విని, ఆ మాటను తన థంబ్‌నైల్ పక్కన పెట్టి చదువుకోవాలి.