మూడొందల అక్షరాలు, అయిదు స్క్రీన్‌షాట్లు

తొలి గేమ్‌ను స్టీమ్‌లో పెట్టబోయే వాళ్లు చాలామంది స్టోర్ పేజీని చివరి వారానికి వాయిదా వేస్తారు. అది కుదరదు. ఆ పేజీ విడుదలకు కనీసం రెండు వారాల ముందే జనానికి కనబడాలన్నది స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ నిబంధన. అంతకు ముందు వాళ్ల పరిశీలనకూ కొన్ని రోజులు పడుతుంది. గేమ్ ఇంకా రాకముందే జనం విష్‌లిస్ట్‌లో చేర్చుకునేది ఈ పేజీ చూసే కాబట్టి, నెలల ముందే పెట్టడం మేలు.

పేజీ పైభాగంలో ట్రైలర్, స్క్రీన్‌షాట్ల పక్కనే చిన్న వివరణ ఉంటుంది. దానికి దక్కేది సుమారు 300 అక్షరాలు. పెద్ద వివరణ కింద ఎక్కడో ఉంటుంది, అక్కడిదాకా వెళ్లేది అప్పటికే ఆసక్తి పుట్టినవాళ్లే.

వరద గోదావరిలో పడవ నడిపే గేమ్ ఒకటి చేశారనుకుందాం. మొదట చేతికొచ్చే వాక్యం ఇలా ఉంటుంది: ‘రహస్యాలు నిండిన నదిపై, తండ్రి జాడ వెతుకుతూ ఓ యువకుడి మరపురాని ప్రయాణం.’ నవల అట్ట మీదైతే సరిపోతుంది. ఆడేవాడికి మాత్రం తాను చేయాల్సిన పని ఒక్కటీ తెలియదు. ఇలా మార్చి చూడండి: ‘వరద గోదావరిలో పడవ నడపండి. రేవు రేవునా సరుకు ఎక్కించుకోండి, బరువు సరిచూసుకోండి, సుడిగుండాలు తప్పించుకోండి. నీళ్లు పెరిగేకొద్దీ దారులు మూసుకుపోతాయి. చీకటి పడేలోగా నాన్న ఆఖరిసారి కనిపించిన లంకకు చేరాలి.’ కథ పోలేదు, చేసే పని ముందుకొచ్చింది. ఇంగ్లిష్‌లో రాసినా ఇదే వరస.

స్క్రీన్‌షాట్లు కనీసం అయిదు కావాలి. 1920×1080 కొలతలో, గేమ్ ఆడుతుండగా తీసినవే అయి ఉండాలి. విడిగా గీయించిన బొమ్మలు, అవార్డుల ముద్రలు, ప్రచార వాక్యాలు పనికిరావు. అందం కోసం తెర మీది మీటర్లు, గుర్తులు తీసేసి ఫొటో తీయడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. అలవాటైన ఆటగాడు గేమ్ ఏ రకమో పోల్చుకునేది వాటిని చూసే. మన గేమ్‌లో మొదటిది, ఓ పక్కకు ఒరిగిన పడవ, ఎదురుగా సుడిగుండం, మూలన నీటిమట్టం మీటరు ఉన్నది కావాలి. తర్వాత రేవులో సరుకు సర్దే తెర, మూసుకుపోయిన దారులతో మ్యాపు, రాత్రి వాన, చివరికి లంక. ఒకే చోట, ఒకే రంగులో రెండు వద్దు.

స్టోర్ జాబితాల్లో గేమ్ మీద మౌస్ పెడితే ఇవే చిన్నవిగా కనిపిస్తాయి. కాబట్టి బొటనవేలంత చేసి, గేమ్ గురించి తెలియని మనిషికి చూపించి ‘ఇందులో ఏం చేస్తాం?’ అని అడగండి. ‘నది బాగుంది’ అన్నారంటే ఆ బొమ్మలు మార్చాల్సిందే.

ఆ రాత్రి వాన గేమ్‌లో లేకపోతే మాత్రం పేజీలోంచి తీసేయండి. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడినవాళ్లు అడిగితే స్టీమ్ డబ్బు వెనక్కి ఇచ్చేస్తుంది.