తెరవకముందే అర్థమయ్యే లీవ్ మెయిల్

ఉదయం ఎనిమిదిన్నరకి హైదరాబాద్‌లో ఏ టీమ్ లీడ్ ఫోన్ చూసినా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. రాత్రంతా అమెరికా నుంచి వచ్చిన మెయిల్స్, సర్వర్ హెచ్చరికలు, హెచ్ఆర్ ప్రకటనలు, వాటి నడుమ "Leave" అని ఒక్క మాటతో ఒక మెయిల్. ఇవాళా, వచ్చే వారమా? తెరిస్తేగానీ తెలియదు. ఆయనేమో పిల్లల్ని బడి దగ్గర దింపుతుంటాడు. ఆఫీసుకెళ్లాక చూద్దాంలే అనుకుంటాడు. ఇక్కడ పంపినవాళ్లకి జవాబు రాక కంగారు.

ఫోన్‌లో సబ్జెక్ట్ లైన్ మొత్తం కనబడదు. ఫోన్‌ని బట్టి, అక్షరాల సైజుని బట్టి మారుతుంది కానీ, ముప్పై నలభై అక్షరాలే కనిపిస్తాయనుకుని రాయడం క్షేమం. బడిలో నేర్చుకున్న సెలవు చీటీ ధోరణి ఇక్కడే దెబ్బతీస్తుంది. "Request for approval of leave on account" దాకా వచ్చేసరికే నలభై అక్షరాలు అయిపోతాయి. అందులో మర్యాద ఉంది, తేదీ లేదు. మర్యాదని లోపల ఉత్తరంలో ఎంతైనా చూపించవచ్చు.

ఒక టెస్టర్ సంగతి చూద్దాం. మియాపూర్‌లో ఇల్లు, రాయదుర్గంలో ఆఫీసు, అమీర్‌పేటలో మెట్రో మారాలి. పొద్దున్నే పాపకి జ్వరం. డాక్టర్‌కి చూపించి వచ్చేసరికి పదకొండున్నర అవుతుంది. పదిన్నరకి క్లయింట్ కాల్ ఉంది. "Running late" అని పంపితే మేనేజర్ మనసులో వెంటనే రెండు ప్రశ్నలు లేస్తాయి: ఎన్నింటికి వస్తుంది, కాల్ ఎవరు చూస్తారు? ఆ రెండూ పైనే చెప్పేస్తే ఇలా ఉంటుంది:

```
Late, in 11:30. OK if Ravi takes 10:30?
```

ముప్పై తొమ్మిది అక్షరాలు. పాప జ్వరం గురించి ఇందులో లేదు, అది లోపల ఒక వాక్యం. అసలు బలం చివరి ప్రశ్నలో ఉంది. కాల్ ఎలా అని అడిగితే మేనేజర్ ఆలోచించాలి. రవి చూస్తాడు, సరేనా అంటే ఒక్క మాటతో జవాబు ఇచ్చేయొచ్చు. రవిని ముందే అడిగి ఉండాలనుకోండి, అది వేరే సంగతి.

ఒంట్లో బాగాలేక ఇవాళ రానప్పుడు అడగడానికి పెద్దగా ఏమీ ఉండదు, తెలియజేయడమే. "Sick leave" అని, తేదీ వేస్తే చాలు. జబ్బు పేరు మాత్రం పైన రాయొద్దు. మేనేజర్ మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేస్తున్నప్పుడు మూలన నోటిఫికేషన్ తేలిందంటే మీ కడుపు కథ పదిమందీ చదువుతారు.

ముందుగా అడిగే సెలవుకి జవాబు ఎప్పటిలోగా కావాలో కూడా పైనే ఉండాలి. సంక్రాంతినే తీసుకోండి. 2024 నవంబర్ నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గింది. జనవరి 12న ఎక్కాల్సిన రైలుకి నవంబర్ 13 ఉదయం ఎనిమిదికి బుకింగ్ తెరుస్తారు. పండగ రైళ్లలో ఆ తర్వాత మిగిలేది వెయిటింగ్ లిస్టే. అందుకని:

```
Leave 12-16 Jan: OK by 12 Nov?
```

గడువు ఎందుకో లోపల ఒక ముక్క రాస్తే చాలు. "Urgent" అనక్కర్లేదు. ఆ మాట వారానికి మూడుసార్లు వాడేవాళ్ల మెయిల్స్‌ని ఎవరూ పరుగెత్తి తెరవరు.

మేనేజర్ అమెరికాలో ఉంటే ఇంకో చిక్కు. 05/06 అంటే మనకి జూన్ 5, వాళ్లకి మే 6. "Today", "tomorrow" అన్న మాటలూ అక్కడ తేడా కొడతాయి. మన పొద్దుటికి వాళ్లకింకా నిన్నటి రాత్రే. నెల పేరు రాసి, టైమ్ పక్కన IST పెడితే గొడవే ఉండదు.

జవాబు రాకపోవడానికి ఎవరూ అనుమానించని కారణం ఒకటుంది. పోయిన నెల లీవ్ మెయిల్ వెతికి, దానికే రిప్లై కొట్టి కొత్త సెలవు అడగడం. కొత్త అభ్యర్థన పాత సంభాషణ అడుగున చేరుతుంది. పైన కనబడేది పాత తేదీ. దీనికి అప్పుడే సరే అన్నాను కదా అని ఆయన దాటేస్తాడు. జీమెయిల్‌లో సబ్జెక్ట్ మారిస్తే సంభాషణ విడిపోతుంది కానీ, కొత్త మెయిల్ మొదలుపెట్టడమే సుఖం.

కాల్‌కి పావుగంటే ఉంటే సబ్జెక్ట్ ఎంత బాగా రాసినా లాభం లేదు, ఫోన్ చేయాలి. తర్వాత రికార్డు కోసం పంపే మెయిల్‌లో "as told on phone" అని పైనే చేరిస్తే, మళ్లీ జవాబు రాయాలేమోనన్న అనుమానం ఆయనకి ఉండదు.