పట్టీ బొమ్మను చదవడం: రెండో తరగతి రాత లెక్కల్లో కలపాలా, తీసేయాలా?

బార్ మోడల్ అంటే రాత లెక్కలోని సంఖ్యలను పొడవాటి పట్టీలుగా గీసి చూపే పద్ధతి. పట్టీ లెక్క చేసి పెట్టదు. తెలిసినదేది, తెలియనిదేది, ఆ రెంటికీ సంబంధమేమిటి అన్నది మాత్రం కంటికి కనిపించేలా చేస్తుంది. కూడికా తీసివేతా అన్నది ఆ సంబంధాన్ని చూశాక తేల్చుకోవలసిన విషయం.

ఈ పద్ధతి 1980ల మొదట్లో సింగపూర్‌లో రూపుదిద్దుకుంది. పిల్లలు కూడికలు, తీసివేతలు చేయగలిగినా, అవే లెక్కలు మాటల్లో ఇస్తే తడబడుతుండటంతో, కో టెక్ హాంగ్ నాయకత్వంలోని బృందం దీన్ని అక్కడి ప్రాథమిక పాఠ్యపుస్తకాల్లోకి తెచ్చింది. అమెరికాలో చదివే తెలుగు పిల్లల పుస్తకాల్లో ఇది ‘టేప్ డయాగ్రమ్’ అన్న పేరుతోనూ కనిపిస్తుంది.

రెండో తరగతి పిల్లలకు తెలియాల్సిన మొదటి బొమ్మ ఒకే పట్టీ. దాన్ని నిలువు గీతతో రెండు ముక్కలు చేస్తారు. ముక్కలు రెండూ భాగాలు, పట్టీ అంతా కలిపితే మొత్తం. పట్టీ పైన ఈ చివర నుంచి ఆ చివరకు ఒక బ్రాకెట్ గీసి మొత్తాన్ని అక్కడ రాస్తారు. ఈ మూడు చోట్లలో రెండింట అంకెలుంటాయి, మూడో చోట ప్రశ్న గుర్తు ఉంటుంది. ఆ గుర్తు బ్రాకెట్ మీద ఉంటే భాగాలను కలపాలి, ముక్కలో ఉంటే మొత్తంలోంచి తెలిసిన భాగాన్ని తీసేయాలి. ఒక్క మెట్టులో తేలే లెక్కకు ఇంతకు మించిన నియమం అక్కర్లేదు.

ఈ లెక్క చూడండి. బుట్టలో కొన్ని మామిడికాయలున్నాయి. పచ్చడికి 27 కాయలు తీశారు. ఇంకా 36 మిగిలాయి. మొదట బుట్టలో ఎన్ని కాయలున్నాయి? ‘తీశారు’, ‘మిగిలాయి’ అన్న మాటలు చూడగానే చాలామంది పిల్లలు 36లోంచి 27 తీసేసి 9 అంటారు. మాటను బట్టి గుర్తు వేయడం అలవాటైతే వచ్చే తప్పు ఇది. పట్టీ గీసే పిల్లవాడు ముందు కథను చూస్తాడు. పచ్చడికి వెళ్లినవి ఒక ముక్క, బుట్టలో మిగిలినవి రెండో ముక్క. మొదట ఉన్నవంటే ఈ రెండూ కలిసినవే కాబట్టి ప్రశ్న గుర్తు బ్రాకెట్ మీదికి చేరుతుంది. 27, 36 కలిపితే 63. తీసేసిన కథే అయినా చేయాల్సింది కూడిక. 9 అన్న జవాబు ఎందుకు నిలవదో కూడా ఈ బొమ్మే చెబుతుంది: మొత్తం పట్టీ తనలోని ఒక ముక్క కంటే చిన్నదిగా ఉండటం కుదరదు.

రెండో రకం లెక్కలు పోలికవి. వీటికి పట్టీలు రెండు కావాలి. ఒకదాని కింద ఒకటి, ఎడమ అంచులు సరిగ్గా కలిసేలా గీయాలి. ఆ అంచు కలవకపోతే కుడివైపు కనిపించే తేడాకు అర్థమే ఉండదు. పిల్లలు ఎక్కువగా పొరబడేది ఈ లెక్కల్లోనే కాబట్టి ఒకదాన్ని నిదానంగా చూడటం మంచిది.

లలిత దగ్గర 45 గవ్వలున్నాయి. అవి రాజు దగ్గరున్న గవ్వల కంటే 17 ఎక్కువ. రాజు దగ్గర ఎన్ని గవ్వలున్నాయి?

‘ఎక్కువ’ అన్న మాట వినగానే పిల్లలు 45కు 17 కలిపేస్తారు. పట్టీ దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న ఎన్ని అని కాదు, ఎవరి పట్టీ పొడవు అని. ‘అవి’ అన్నది లలిత గవ్వల గురించే కాబట్టి ఎక్కువున్నది లలిత దగ్గర. అంకెలేవీ వేయకుండా లలితది పొడవుగా, దాని కింద రాజుది పొట్టిగా గీయాలి. పట్టీల ముందు పేర్లు రాయాలి. రాజు పట్టీ ఆగిన చోట నుంచి పైకి ఒక చుక్కల గీత గీస్తే లలిత పట్టీ రెండు ముక్కలవుతుంది: ఎడమ ముక్క రాజుతో సమానం, కుడి ముక్క అదనంగా ఉన్నది. ఇప్పుడు అంకెలు వేయాలి. లలిత పట్టీ మొత్తం 45, కుడి ముక్క 17, రాజు పట్టీలో ప్రశ్న గుర్తు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి బయటపడుతుంది. లలిత పట్టీని మాత్రమే చూస్తే అది మామిడికాయల లెక్కలో చూసిన ఒంటి పట్టీయే. మొత్తం తెలుసు, ఒక భాగం తెలుసు, రెండో భాగం కావాలి. 45లోంచి 17 తీసేస్తే 28. పోలిక లెక్క కూడా లోపల మొత్తం, భాగాల లెక్కేనని పిల్లలు చూడగలిగితే, గుర్తుపెట్టుకోవాల్సిన పద్ధతులు రెండు కావు, ఒక్కటే.

జవాబును మళ్లీ పట్టీలో పెట్టి చూడటం తప్పనిసరి. 45, 17 కలిపి 62 తెచ్చిన పిల్లవాడు ఆ అంకెను రాజు పట్టీలో రాస్తే, పొట్టి పట్టీలో 62, పొడుగు పట్టీలో 45 కనిపిస్తాయి. అది కథను తప్పుగా చదివినందువల్ల వచ్చిన తప్పు. ఇంకొక పిల్లవాడు 32 అనవచ్చు. ఒకట్ల స్థానంలో 5లోంచి 7 పోదని 7లోంచి 5 తీసేస్తే వచ్చే జవాబు ఇది. 32, 17 కలిపితే 49 అవుతుంది, లలిత పట్టీ మీద ఉన్నది 45. ఈ పిల్లవాడి బొమ్మ సరైనదే, తీసివేతలో పదిని విడదీయడం రాలేదు. ఇద్దరికీ మళ్లీ చెప్పాల్సింది ఒకే పాఠం కాదు. కాగితం మీద జవాబు ఒక్కటే ఉంటే ఈ తేడా టీచరుకు సులువుగా దొరకదు.

పట్టీని మొదటి రోజే బోర్డు మీద గీసి చూపితే చాలామంది పిల్లలకు అది ఉత్త డబ్బాలా కనిపిస్తుంది. ముందు చిన్న అంకెలతో, ఒకే సైజు ఘనాలను గానీ చదరపు కాగితం ముక్కలను గానీ వరసగా పేర్పించాలి. తర్వాత వాటి బదులు గళ్లు గీయించాలి. ఆ తర్వాతే లోపలి గళ్లు తీసేసి అంకె మాత్రమే రాసిన ఖాళీ పట్టీకి రావాలి. 45కు 45 గళ్లు గీస్తూ కూర్చున్న పిల్లలు ఇంకా లెక్కపెట్టే దశలోనే ఉన్నారని అర్థం. వాళ్లను 8, 5 లాంటి అంకెలతో మళ్లీ ముక్కల దగ్గరికి తీసుకెళ్లాలి.

పొడవులు స్కేలుతో కొలవనక్కర్లేదు. పెద్ద సంఖ్యకు పెద్ద ముక్క, చిన్న సంఖ్యకు చిన్న ముక్క ఉంటే చాలు. కొన్ని నోటు పుస్తకాల్లో కనిపించే ఇంకో ఇబ్బంది, జవాబు ముందే రాసి, మార్కుల కోసం పక్కన పట్టీ గీయడం. అలాంటి పట్టీలో ప్రశ్న గుర్తు ఉండదు, అంకెలన్నీ నిండి ఉంటాయి. లెక్క నోటితోనే చెప్పగలిగే పిల్లలను ప్రతిసారీ పట్టీ గీయమని ఒత్తిడి చేయడం వల్ల లాభం లేదు.

పిల్లలకు పట్టీ చదవడం వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే లెక్కను తిరగేసి ఇవ్వాలి. అంకెలు, ప్రశ్న గుర్తు ఉన్న పట్టీ ఒకటి గీసి, దానికి సరిపోయే కథ చెప్పమనండి. ప్రశ్న గుర్తును ఇంకో చోటికి మార్చి మరో కథ అడగండి. రెండు కథలూ బొమ్మకు సరిపోతే, ఆ బిడ్డకు ఇక ‘ఎక్కువ’ అంటే కలుపు, ‘మిగిలాయి’ అంటే తీసెయ్యి అని నేర్పవద్దు.