ఆ ఇంట్లో మీరు గీసిందేది?

ఆర్కిటెక్టు ప్రొఫైల్‌లో కట్టిన ఇంటి ఫొటో కింద "డిజైన్ చేశాను" అని ఒక్క మాట ఉంటే చూసేవారికి ఏమీ తెలియదు. ఒక ఇంటి వెనక ఆఫీసు పెద్ద, స్ట్రక్చరల్ ఇంజనీరు, జూనియర్లు, మేస్త్రీ అందరూ ఉంటారు.

విజయవాడలో ఒక డూప్లెక్స్ ఇల్లు ఉందనుకుందాం. అసలు ఊహ ఆఫీసు పెద్దగారిది. వర్కింగ్ డ్రాయింగులు గీసింది, మెట్లు డిజైన్ చేసింది అక్కడ పనిచేసిన ఒక యువ ఆర్కిటెక్టు. ల్యాండింగ్ కింద బీము తలకు తగిలేంత కిందికి వస్తోందని ఆమె డ్రాయింగులోనే పట్టుకుంది. ఇంజనీరుతో మాట్లాడి దాన్ని స్లాబు పైకి తిప్పించింది. ఆమె ప్రొఫైల్‌లో ఉండాల్సింది ఇదే: "ప్రధాన డిజైన్ ఆఫీసుది. నా పని మెట్లు, వర్కింగ్ డ్రాయింగులు." దాని కింద చేత్తో గీసిన స్కెచ్, బీము మార్చిన సెక్షన్, కట్టాక మెట్ల ఫొటో. ఇంటి ముఖభాగం ఎంత అందంగా ఉన్నా, దానికంటే ఈ మూడే ఆమె గురించి ఎక్కువ చెబుతాయి.

అయితే గీసింది ఆమె కాబట్టి డ్రాయింగులు ఆమెవే అనుకోకూడదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఉద్యోగంలో గీసినదానిపై హక్కు ఆఫీసుది. అందుకే ఆఫీసు అనుమతి రాతలో తీసుకోవాలి. ఫొటోల లెక్క వేరు. ఇంటి యజమాని డబ్బిచ్చి ఫొటోగ్రాఫర్‌తో తీయించుకున్న ఫొటోలపై, వేరే మాట రాసుకోకపోతే, హక్కు యజమానిదే. కట్టిన భవనాన్ని ఫొటో తీయడం కాపీరైట్ ఉల్లంఘన కాదని అదే చట్టం అంటుంది. కానీ వివరాలు బయటపెట్టనని ఒప్పందంలో సంతకం చేసి ఉంటే ఆ వెసులుబాటు అక్కరకు రాదు.

చట్టం కంటే ముందు చూడాల్సింది ఆ ఇంట్లో ఉండేవారి భద్రత. మన ఇళ్లలో బీరువా చాలావరకు నైరుతి గదిలోనే ఉంటుంది. అందువల్ల ఉత్తరం గుర్తుతో పూర్తి ప్లాను పెడితే డబ్బు, నగలు ఏ గదిలో ఉంటాయో చెప్పేసినట్టే. టైటిల్ బ్లాకులో యజమాని పేరు, సర్వే నంబరు కూడా ఉంటాయి. వాటిని నల్లగీతతో కప్పితే చాలదు; పీడీఎఫ్‌లో ఆ గీత కింద అక్షరాలు అలాగే ఉండి, కాపీ చేస్తే బయటపడొచ్చు. చెప్పదలచిన భాగాన్నే వేరే షీటులో మళ్లీ గీయడం మేలు. ఫోనుతో తీసిన ఫొటోలో లొకేషన్ దాగి ఉండొచ్చు, దాన్నీ తీసేయాలి.

యజమానిని అడిగేటప్పుడు "ఫొటోలు వాడుకోవచ్చా అండీ" అంటే సరిపోదు. ఏ ఫొటోలు, ఎక్కడ పెడతారు, పేరు, ఊరు రాస్తారా అన్నది ఆయనకు చూపించి, సరేనన్న జవాబును మెయిల్‌లో దాచుకోవాలి. ఆయన వద్దంటే మెట్ల సెక్షన్‌ను, ఆఫీసు ఒప్పుకుంటే, ఏ ఇంటిదో తెలియకుండా చూపించవచ్చు. బీము ఎందుకు తిప్పారో చెప్పడానికి ఆ సెక్షన్ చాలు.